తాలు ఎంత? గింజ ఎంత? - అనేక పరీక్షలలో మిథ్యా ఫలితాల చరిత్ర

చోడవరం పరిసరాల పొలాలలో చెరకు తరతరాలుగా ముఖ్యమైన పంట. ఇక్కడి చెరకులో కొంత గోవాడ సహకార చక్కెర కర్మాగారానికి, కొంత గానుగలకు పోయి, బెల్లంగా మారి అనకాపల్లి బజారుకు చేరుతూ వచ్చింది. చెరకు వేసే రైతుకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: ఏ రకం ముచ్చెలు నాటితే ఎకరానికి ఎక్కువ టన్నులు దిగుతాయి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికే 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధన స్థానం ఏర్పడింది. అప్పటి విశాఖపట్నం జిల్లాలోని ఈ ప్రాంతం 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరింది.

క్రొత్త చెరకు రకం ఒక్కరోజులో పుట్టదు. కోయంబత్తూరులో చెరకును సంకరం చేసి తీసిన విత్తనం మొలకెత్తితే వేలకొలది మొక్కలు వస్తాయి. ఏ రెండు మొక్కలూ ఒక తీరుగా ఉండవు. వాటిలో బాగున్నవాటిని ఏరి, ముచ్చెలతో పెంచి, వాడుకలో ఉన్న మంచి రకం ప్రక్కన నాటి, దిగుబడి తూచి చూస్తారు. చాలా మొక్కలు ఆ పోటీలో ఓడిపోతాయి. కొన్ని గెలుస్తాయి. గెలిచిన వాటిలో నిజంగా మేలైనవి ఎన్ని? అదృష్టం కొద్దీ గెలిచినవి ఎన్ని? పైకి తేలికగా కనిపించే ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం దొరకడానికి 20వ శతాబ్దం దాదాపు పూర్తి కావలసి వచ్చింది.

ఒక పొలంలో రెండు మడులు ఎన్నడూ సమానం కావు. ఒక మడిలో నీరు కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. ఒకచోట నేల సారవంతంగా ఉంటుంది. మరొకచోట గట్టు నీడ పడుతుంది. ఒకే రకం చెరకును రెండు మడులలో నాటినా దిగుబడులు వేరుగానే వస్తాయి. కాబట్టి క్రొత్త రకం మడిలో 3 టన్నులు ఎక్కువ దిగినంత మాత్రాన, ఆ ఘనత రకానిదా, నేలదా అని చెప్పలేము.

ఈ చిక్కుకు దారి చూపినవాడు రొనాల్డ్ ఫిషర్. ఇతడు 1919లో ఇంగ్లండులోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. ఆయన సూచించిన పద్ధతి ఇది. ముందుగా, క్రొత్త రకానికీ పాత రకానికీ నిజంగా తేడా ఏమీ లేదని అనుకోవాలి. దీనినే శూన్య పరికల్పన అంటారు. తరువాత ఒక లెక్క వేయాలి: నిజంగా తేడా లేకపోయినా, మడుల మధ్య సహజంగా ఉండే హెచ్చుతగ్గుల వల్ల ఇంతటి తేడా గాని, ఇంతకు మించిన తేడా గాని కనిపించే సంభావ్యత ఎంత? ఆ సంభావ్యతకే పి-విలువ అని పేరు. అది 0.05 కంటె తక్కువైతే, అనగా 20లో ఒక వంతుకు తక్కువైతే, తేడా గమనింపదగినదని ఫిషర్ 1925లో వ్రాసిన గ్రంథం వల్ల వాడుకలోకి వచ్చింది.

ఈ పద్ధతి త్వరలోనే భారతదేశపు పొలాలకు వచ్చింది. 1931లో కలకత్తాలో మహలనోబిస్ భారత సాంఖ్యక సంస్థను స్థాపించాడు. 1938 జనవరిలో అక్కడ జరిగిన సాంఖ్యక మహాసభకు ఫిషర్ స్వయంగా వచ్చాడు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో ఆ సంస్థలో చేరి, తరువాత కేంబ్రిడ్జిలో ఫిషర్ పర్యవేక్షణలో పరిశోధన చేసి 1948లో పట్టం పొందాడు.

ఫిషర్ నియమం ఒక్క పరీక్షకు చక్కగా సరిపోతుంది. పరీక్షలు పెరిగినప్పుడు చిక్కు వస్తుంది. ఒక పరిశోధకుడు 20 క్రొత్త రకాలను పాత రకంతో పోల్చాడనుకుందాము. ఆ 20లో ఏ ఒక్కటీ నిజంగా మేలైనది కాదనీ, పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనీ అనుకుందాము. ఒక్కొక్క పరీక్షలో పొరపాటు జరగకుండా ఉండే సంభావ్యత 0.95. 20 పరీక్షలలో ఒక్కదానిలోనూ పొరపాటు జరగకుండా ఉండాలంటే 0.95ను 20 సార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.36. అంటే కనీసం ఒక పనికిరాని రకం మేలైనదిగా కనిపించే సంభావ్యత 0.64. నూటికి 64 సార్లు పరిశోధకుడు మోసపోతాడు. ఎవరూ అబద్ధమాడలేదు, తూకంలో తప్పు లేదు, లెక్కలో తప్పు లేదు. పదేపదే పాచిక వేస్తే ఎప్పుడో ఒకప్పుడు కోరిన పందెం పడక మానదు. అంతే ఇందులోని రహస్యం. ఇట్లా లేని తేడా ఉన్నట్లు తోచడాన్ని మిథ్యా ఫలితం అనవచ్చు.

ఈ ప్రమాదాన్ని ఫిషర్ కంటె చాలా ముందే ఫ్రాన్సు దేశీయుడు కూర్నో 1843లో గుర్తించాడు. పుట్టిన పిల్లలలో మగపిల్లల నిష్పత్తిని పరిశీలించేవాడు ఆ జననాలను తల్లిదండ్రుల వయస్సును బట్టి, వృత్తిని బట్టి, కాన్పుల వరుసను బట్టి విడదీస్తూ పోతే, ఏదో ఒక విభజనలో పెద్ద తేడా తప్పక కనిపిస్తుందని ఆయన వివరించాడు. ఆయన చెప్పిన మరొక మాట మరింత లోతైనది. పరిశోధకుడు ఆ ఒక్క విభజననే ప్రకటించి, విఫలమైన ప్రయత్నాలను చెప్పకపోతే, చదివేవారికి ఆ ఫలితాన్ని తూచే తక్కెడ లేకుండా పోతుంది.

చికిత్స ఏమిటి? తేలికగా తోచేది, ప్రతి పరీక్షనూ మరింత కఠినం చేయడం. పొరపాటుకు మొత్తం మీద 0.05 అవకాశమే ఇవ్వదలిస్తే, దానిని 20 పరీక్షలకు సమానంగా పంచాలి. ఒక్కొక్క పరీక్షకు 0.0025 వస్తుంది. పి-విలువ అంతకంటె తక్కువైన రకాన్నే అంగీకరించాలి. అప్పుడు 20 రకాలూ పనికిరానివే అయినా, ఒక్కటైనా తప్పుగా గెలిచే సంభావ్యత 0.05 దాటదు. ఇటలీ గణితజ్ఞుడు బోన్‌ఫెరోని 1936లో ప్రచురించిన అసమీకరణాల మీద ఈ పద్ధతి ఆధారపడుతుంది కాబట్టి దానికి ఆయన పేరే స్థిరపడింది. దానిని అనేక సగటుల పోలికకు అన్వయించి 1961లో వివరంగా వ్రాసినది ఆలివ్ జీన్ డన్ అనే అమెరికన్ విదుషి. అంతకు ముందే 1953లో జాన్ ట్యూకీ ఈ సమస్యపై విపులమైన వ్రాతప్రతిని తయారు చేశాడు. ఈ కఠిన పద్ధతులన్నీ అడిగే ప్రశ్న ఒకటే: మొత్తం పరీక్షలలో ఒక్క పొరపాటైనా జరిగే అవకాశం ఎంత?

ఈ కాఠిన్యానికి చెల్లించవలసిన మూల్యం ఎంతో ఒక లెక్కతో చూడవచ్చు. పరిశోధన స్థానంలో 200 క్రొత్త మొక్కలు పోటీలో ఉన్నాయనీ, వాటిలో 20 మాత్రమే నిజంగా మేలైనవనీ, మిగిలిన 180 పాత రకాన్ని మించినవి కావనీ ఊహించుదాము. ఏవి ఆ 20 అనేది పరిశోధకునికి తెలియదు. 0.05 హద్దుగా పెట్టుకుంటే ఆ మేలైన 20లో 12 దొరికేంత శక్తి ఆ ప్రయోగానికి ఉన్నదనుకుందాము. అప్పుడు మిగిలిన 180లో 20వ వంతు, అనగా 9, అదృష్టవశాత్తు గెలుస్తాయి. ఎన్నికైన 21లో 9 తాలు. దాదాపు సగం!

ఇప్పుడు కఠిన నియమం పెడదాము. 0.05ను 200తో భాగిస్తే 0.00025. ఆ హద్దు దగ్గర తాలు దాదాపు పూర్తిగా పోతుంది. కాని అదే ప్రయోగంలో, అవే మడులలో, మేలైన 20లో దొరికేది సుమారు ఒక్కటి మాత్రమే. మిగిలిన 19 చెత్తతోపాటు గట్టు మీదకు పోతాయి. తాలు రాకూడదని చేటను అంత గట్టిగా చెరిగితే గింజ కూడా ఎగిరిపోతుంది.

దశాబ్దాల తరబడి శాస్త్రజ్ఞులు ఈ రెండింటి మధ్య నలిగిపోయారు. కొందరు ఏ సవరణా లేకుండా 0.05నే పట్టుకున్నారు. కొందరు కఠిన నియమాన్ని పాటించి చేతికందిన ఫలితాలను పోగొట్టుకున్నారు. ఇంతలో 1995లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోవ్ బెంజమిని, యోసెఫ్ హోక్‌బర్గ్ అనే ఇద్దరు లండనులోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. వారు పాత ప్రశ్నకు క్రొత్త సమాధానం చెప్పలేదు, ప్రశ్ననే మార్చారు. "ఒక్క పొరపాటైనా జరుగుతుందా?" అని అడగడం మాని, "ఎన్నుకున్న వాటిలో పొరపాట్లు ఎన్నవ వంతు?" అని అడిగారు. చేటలో మిగిలిన దానిలో తాలు ఎంత అన్నదే వారి ప్రశ్న. ఆ వంతు యొక్క సగటు విలువకు మిథ్యావిష్కరణల నిష్పత్తి అని పేరు పెట్టవచ్చు. వారు చెప్పిన లెక్క పద్ధతిని పోలినది 1968లోనే సీగర్ అనే ఆయన చర్చించి ఉన్నాడు. అయితే ఏ నిష్పత్తిని అదుపు చేస్తున్నామో స్పష్టంగా నిర్వచించి, అదుపు జరుగుతుందని నిరూపించినది 1995 నాటి వ్యాసమే.

వారి పద్ధతిని వారు తీసుకున్న ఉదాహరణతోనే చూడడం మంచిది. ఇది పొలం నుండి ఆసుపత్రికి మారినా, లెక్క ఒకటే. 1992లో న్యూహాస్, ఆయన సహచరులు గుండెపోటు వచ్చిన 421 మంది రోగులలో రక్తపు గడ్డను కరిగించే రెండు మందులను పోల్చి చూశారు. చికిత్స మొదలైన తరువాత గుండెకూ, ఇతర అవయవాలకూ వచ్చిన ఇబ్బందులకు సంబంధించి 15 పోలికలు జరిగాయి. వాటి పి-విలువలను చిన్నదాని నుండి పెద్దదానికి వరుసగా పేర్చితే ఇట్లా ఉంటాయి:

0.0001, 0.0004, 0.0019, 0.0095, 0.0201, 0.0278, 0.0298, 0.0344, 0.0459, 0.3240, 0.4262, 0.5719, 0.6528, 0.7590, 1.0000.

ఏ సవరణా లేకపోతే మొదటి 9 పోలికలూ 0.05 లోపలే ఉన్నాయి, తొమ్మిదింటినీ అంగీకరించాలి. కఠిన నియమం ప్రకారం హద్దు 0.05ను 15తో భాగించగా వచ్చిన 0.0033. మొదటి మూడు మాత్రమే నిలుస్తాయి. ఇందులో నాలుగవదైన 0.0095 సామాన్యమైనది కాదు. ఒక మందు వాడినవారిలో ఆసుపత్రి మరణాలు తగ్గాయన్న మాట దానిమీదే ఆధారపడి ఉన్నది. కఠిన నియమం దానిని త్రోసివేస్తుంది.

బెంజమిని, హోక్‌బర్గ్‌ల పద్ధతిలో అందరికీ ఒకే హద్దు ఉండదు. వరుసలో మొదటిదానికి 0.05లో 15వ వంతు, రెండవదానికి రెండు 15వ వంతులు, మూడవదానికి మూడు, ఇట్లా హద్దు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. లెక్కను వరుస చివర నుండి, అంటే పెద్ద పి-విలువ నుండి మొదలుపెట్టి వెనుకకు రావాలి. 15వదాని హద్దు 0.05, దాని పి-విలువ 1, నిలవదు. ఇట్లా వస్తూ 9వదానికి వస్తే హద్దు 0.0300, పి-విలువ 0.0459, నిలవదు. 5వదాని హద్దు 0.0167, పి-విలువ 0.0201, కొద్దిలో తప్పింది. 4వదాని హద్దు 0.0133, పి-విలువ 0.0095. ఇది హద్దు లోపల ఉన్నది. అక్కడ ఆగి, ఆ నాలుగవదానినీ దానికి ముందున్న మూడింటినీ అంగీకరించాలి. మరణాలకు సంబంధించిన ఫలితం ఇప్పుడు జాబితాలో చేరింది.

హద్దు ఎందుకు మెట్లుగా పెరగాలి? కారణం సూటిగా ఉన్నది. 15 పోలికలలోనూ నిజమైన తేడా లేదని అనుకొని, 0.0133 హద్దు పెడితే, కేవలం అదృష్టం వల్ల గెలిచేవి సగటున 15 రెట్లు 0.0133, అనగా 0.2. కాని ఆ హద్దు దగ్గర గెలిచినవి 4 ఉన్నాయి. 0.2ను 4తో భాగిస్తే 0.05. అంటే గెలిచినవాటిలో తాలు నూటికి 5కు మించదని అంచనా. గెలిచినవి ఎక్కువైనకొద్దీ, అదే పరిమాణం గల తాలు మొత్తంలో చిన్న వంతు అవుతుంది. అందుచేత హద్దును కొంత సడలించవచ్చు. నిజంగా ఏ తేడా లేని చోట గెలిచేవి ఉండవు, హద్దు సడలదు, అక్కడ ఈ పద్ధతి కూడా కఠిన నియమంవలెనే, ఒక్క పొరపాటైనా జరిగే అవకాశాన్ని 0.05 లోపలే ఉంచుతుంది. గింజ ఉన్నచోట మాత్రమే ఉదారంగా ఉండడం దీని గుణం.

ఇప్పుడు ఆ 200 చెరకు మొక్కల దగ్గరకు తిరిగి వద్దాము. ఎన్నికైన వాటిలో 5వ వంతు తాలును పరిశోధకుడు భరించగలడనుకుందాము. అదే ప్రయోగంలో అప్పుడు సుమారు 8 మొక్కలు ఎన్నికవుతాయి. వాటిలో 6కు పైగా నిజంగా మేలైనవి. రెండుకు లోపల తాలు. కఠిన నియమం ఒక్కదానిని ఇచ్చింది. సవరణ లేని పద్ధతి 21 ఇచ్చి వాటిలో 9 తాలు కలిపింది. ఈ 8 మొక్కలను మరుసటి ఏడు ఇంకా పెద్ద మడులలో, మరికొన్ని ఊళ్లలో నాటవచ్చు. మొదటి ఏడు అదృష్టం కొద్దీ గెలిచిన మొక్కకు రెండవ ఏడు అదే అదృష్టం పట్టడం అరుదు. నిజమైన మేలు మాత్రం మొక్కతోటలోనూ, పిలక తోటలోనూ మళ్లీ కనిపిస్తుంది.

దీనిని బట్టి రెండు పద్ధతులలో ఏది ఎక్కడ వాడాలో తెలుస్తుంది. పొరపాటు మూల్యం మరికొన్ని మడులు నాటడమే అయినప్పుడు, మంచి మొక్కను పోగొట్టుకోవడమే పెద్ద నష్టం. అక్కడ మిథ్యావిష్కరణల నిష్పత్తిని అదుపు చేస్తే చాలు. చివరకు రెండు మూడు రకాలు మిగిలి, వాటిలో ఒకదానిని రైతులకు విడుదల చేసే సమయంలో పరిస్థితి వేరు. ఒక్క తప్పు నిర్ణయం వేల ఎకరాలలో నాటుకుపోతుంది. అక్కడ కఠిన నియమమే తగినది.

జీవశాస్త్రంలో కూడా ఈ రెండు దారులూ ప్రక్కప్రక్కన సాగుతున్నాయి. 1990ల చివరలో వేలకొలది జన్యువుల పనితీరును ఒకేసారి కొలిచే పరికరాలు వచ్చినప్పుడు బెంజమిని, హోక్‌బర్గ్‌ల పద్ధతికి ఒక్కసారిగా వ్యాప్తి కలిగింది. 10,000 జన్యువులను 0.05 హద్దుతో పరీక్షిస్తే, ఏ తేడా లేకపోయినా 500 గెలుస్తాయి కదా! కాని ఒక వ్యాధికి కారణమయ్యే జన్యుభేదాన్ని మొత్తం జన్యుసంపదలో వెదికేవారు కఠిన నియమాన్నే పాటిస్తారు. వారు సుమారు 10 లక్షల స్వతంత్ర పరీక్షలకు 0.05ను పంచి, 2 కోట్లలో ఒక వంతు హద్దు పెట్టుకుంటారు. ప్రపంచంలోని వివిధ జాతుల జన్యుభేదాలను నమోదు చేసిన వెయ్యి జన్యుసంపదల ప్రణాళికలో బ్రిటన్‌లో నివసించే తెలుగువారి నమూనాలు కూడా చేరాయి. ఒక మనిషిలో ఇన్ని లక్షల చోట్ల చూడగలిగినప్పుడు, ఏదో ఒకచోట తేడా కనిపించడం వింత కాదు.

ఈ క్రొత్త పద్ధతికి హద్దులు లేకపోలేదు. మొదటిది, అది హామీ ఇచ్చేది సగటుకు మాత్రమే. నూటికి 5 వంతులు అన్నంత మాత్రాన ఒక ప్రయోగంలో ఎన్నికైన 4లో ఏది తాలో చెప్పలేదు. అనేక ప్రయోగాల మీద సగటున అంతకు మించదని మాత్రమే చెబుతుంది. వరుసలో చివర కొద్దిలో నిలిచిన దానిని, మొదట నిలిచిన దానితో సమానంగా నమ్మరాదు.

రెండవది, పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం కలిగి ఉంటే జాగ్రత్త అవసరం. ప్రక్కప్రక్క మడులకు ఒకే వానా, ఒకే తెగులూ తగులుతాయి. 1995 నాటి నిరూపణ స్వతంత్రమైన పరీక్షలకు సంబంధించినది. అన్నీ ఒకే దిక్కుకు మొగ్గే కొన్ని రకాల సంబంధాలున్నా పద్ధతి నిలుస్తుందని 2001లో బెంజమిని, యెకుతియెలీ నిరూపించారు. ఏ సంబంధమున్నా చెల్లాలంటే హద్దులను మరికొంత తగ్గించవలసి ఉంటుందని కూడా చూపారు.

మూడవది, మోసానికి ఎక్కువ తావిచ్చేది. గెలిచినవి పెరిగితే హద్దు సడలుతుంది కదా! కాబట్టి గెలుస్తాయని ముందే తెలిసిన పోలికలను జాబితాలో చేర్చితే, సందేహాస్పదమైనవి కూడా వాటి నీడలో లోపలికి వస్తాయి. ఎర్రకుళ్లు తెగులు పట్టిన తోటకూ, ఆరోగ్యమైన తోటకూ దిగుబడిలో తేడా ఉన్నదని నిరూపించే 50 పోలికలను 200 క్రొత్త మొక్కల పోలికలతో కలిపితే జరిగేది ఇదే. ఇందుకు విరుగుడు, ఏ పోలికలు ఒక జట్టుగా లెక్కకు వస్తాయో ప్రయోగానికి ముందే నిర్ణయించి వ్రాసి పెట్టుకోవడం.

కూర్నో హెచ్చరించిన దోషాన్ని మాత్రం ఏ సవరణా తొలగించలేదు. కఠిన నియమంలోనైనా, క్రొత్త నియమంలోనైనా, భాగించడానికి మొత్తం పరీక్షల సంఖ్య కావాలి. 200 మొక్కలను పరీక్షించి, గెలిచిన 21నే ప్రకటించేవాడి లెక్కను ఎవరూ సరిదిద్దలేరు. అందుచేత "ఈ రకం మేలైనది" అని ఎవరైనా చెప్పినప్పుడు, దిగుబడి ఎంత అని అడిగే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: దీనితోపాటు పోటీలో నిలిచి ఓడినవి ఎన్ని?